ఆరు సెకన్ల రాట్నం: అతుకు కనబడని లూప్ వేయడం ఎలా

శ్రీకాకుళంలో పొందూరు ఖద్దరు అమ్మే ఒక దుకాణం వాళ్లు గోడకు టీవీ పెట్టుకున్నారు. అందులో రోజంతా ఆడేలా ఒక చిన్న యానిమేషన్ కావాలన్నారు. ఒకావిడ కింద కూర్చుని రాట్నం మీద నూలు వడుకుతూ ఉంటుంది, అంతే. మాటలు లేవు, కథ లేదు. నేను ఆరు సెకన్ల క్లిప్ వేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చి, విజయనగరం బస్సెక్కేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ అటు పని పడి, దుకాణంలో బెంచీ మీద కూర్చుని చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. ప్రతి ఆరు సెకన్లకీ బొమ్మ ఒకసారి ఉలిక్కిపడుతోంది. పైట చెంగు ఊగుతూ ఊగుతూ చటుక్కున ఆగి, మళ్లీ మొదలవుతోంది. గంటలో ఆరువందల సార్లు అదే గతుకు.

ఆ క్లిప్‌ను మొదటి నుంచి మళ్లీ వేశాను. రెండోసారి ఏ పని ఏ వరుసలో చేశానో, ఎందుకు చేశానో ఇక్కడ చెబుతున్నాను. మీరు రాట్నమే వేయనక్కర్లేదు. గానుగ, గాలిమర, నడుస్తున్న మనిషి, ఏదైనా సరే లెక్క ఒకటే. నేను బ్లెండర్‌లో చేస్తాను కాబట్టి అక్కడక్కడా దాని బటన్ల పేర్లు వస్తాయి. క్రీటా, ఓపెన్‌టూంజ్ లాంటి వాటిలో పేర్లు మారతాయి కానీ పని మారదు.

## 144 తర్వాత వచ్చేది 1

లూప్ వేసేవాళ్లకు పట్టుబడాల్సిన సంగతి ఒక్కటే ఉంది. మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. లూప్‌లో మొదటి ఫ్రేమ్ అంటే మొదలు కాదు. అది చివరి ఫ్రేమ్ తర్వాత వచ్చే ఫ్రేమ్. శనివారం తర్వాత ఆదివారం వచ్చినట్టు, 144 తర్వాత 1 వస్తుంది. ఆదివారం పొద్దున్న లేచేసరికి శనివారం అలసట ఒంట్లో ఉన్నట్టే, ఒకటో ఫ్రేమ్‌లో 144 వరకూ జరిగిన కదలిక తాలూకు ఊపు ఉండాలి.

"మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకేలా ఉండాలి" అని చాలామంది చెబుతారు. ఆ మాటను అక్షరాలా పాటిస్తే గతుకు వస్తుంది. 1, 144 రెండూ ఒకే బొమ్మ అయితే, లూప్ తిరిగేటప్పుడు ఆ బొమ్మ వరుసగా రెండు ఫ్రేములు నిలబడిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చోట రెండు ఫ్రేములంటే సెకనులో పన్నెండో వంతు. చిన్నదే అనిపిస్తుంది కానీ, నిలకడగా తిరుగుతున్న చక్రం అంతసేపు ఆగితే ఎవరికైనా తెలిసిపోతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఒకటో ఫ్రేమ్ బొమ్మను కాపీ చేసి 145లో పెట్టండి. 144లో కాదు. ఫైల్‌లో ఆఖరి ఫ్రేమ్ `End` దగ్గర 144 అని రాయండి. 145 రెండర్ కాదు, ఎవరికీ కనబడదు. అది మీ కోసం పెట్టుకున్న గుర్తు మాత్రమే. 140, 142, 144 బొమ్మలు వేసేటప్పుడు అవి ఎటు వెళ్లాలో అది చూపిస్తుంది. ఆనియన్ స్కిన్ వేసుకుంటే ముందు బొమ్మ, వెనక బొమ్మ లీలగా కనిపిస్తాయి కదా, 144 దగ్గర ఉన్నప్పుడు ఆ ముందు బొమ్మగా 145 కనిపిస్తుంది. అప్పుడు 144 అనేది 143కీ 1కీ మధ్యలో ఉన్న మామూలు ఫ్రేమ్ అయిపోతుంది. మనకు కావలసింది అదే.

## నిడివిని ముందే ఖాయం చేసుకోండి

బొమ్మలు వేసేశాక నిడివి చూసుకుందాం అనుకుంటే లూప్ కుదరదు. ఫ్రేమ్‌లో కదిలే ప్రతి వస్తువూ ఆ నిడివిలో పూర్తి చుట్లే తిరగాలి. ఒకటి గానీ, రెండు గానీ, ఆరు గానీ, ఎన్నైనా ఫరవాలేదు. ఒకటిన్నర మాత్రం కుదరదు.

నేను 144 తీసుకున్నది అందుకే. 24 ఫ్రేముల లెక్కన అది సరిగ్గా ఆరు సెకన్లు. పైగా 144ను 2తో, 3తో, 4తో, 6తో, 8తో, 9తో, 12తో, దేనితో భాగించినా శేషం మిగలదు. చక్రానికి 72 ఫ్రేములకు ఒక చుట్టు ఇచ్చాను, అంటే లూప్‌లో రెండు చుట్లు. నూలు లాగే ఎడమ చేతికి మొత్తం 144 ఫ్రేములకు ఒక చుట్టు. తల కొద్దిగా ఊగడానికి 72. అదే 150 ఫ్రేములని పెట్టుకుని ఉంటే, 72 ఫ్రేముల చక్రం రెండు చుట్లు తిరిగి ఇంకో ఆరు ఫ్రేములు ముందుకు పోయేది. అతుకు దగ్గర ఎగిరి వెనక్కి దూకేది.

వీలైతే అన్నిటికీ ఒకే చుట్టు పెట్టకండి. చెయ్యి, తల, చక్రం మూడూ ఒకే వేగంతో తిరిగి ఒకే ఫ్రేమ్‌లో మొదటికి వస్తే బొమ్మ యంత్రంలా ఉంటుంది. ఒకటి మొదటికి వచ్చేటప్పుడు ఇంకొకటి మధ్యలో ఉండాలి. అప్పుడు అతుకు ఎక్కడుందో కంటికి చిక్కదు.

చూసేవాళ్లు ఇట్టే గుర్తుపట్టే పెద్ద కదలికలు లూప్‌లో వద్దు. మొదట వేసినప్పుడు ఆవిడ ఒకసారి తలెత్తి గుమ్మం వైపు చూసేది. వేసినప్పుడు ముచ్చటగానే ఉంది. కానీ ఆరు సెకన్లకోసారి అదే చూపు వస్తుంటే, మూడోసారికల్లా అందరికీ అర్థమైపోతుంది, ఇది చుట్టు తిరుగుతున్న బొమ్మ అని. అందుకే తీసేసి, 60వ ఫ్రేమ్ దగ్గర ఒక రెప్పపాటు మాత్రం ఉంచాను.

## చక్రం: ఆకుల లెక్క

నేను చూసి వేసుకున్న పొందూరు రాట్నానికి 24 ఆకులున్నాయి. ఆకు అంటే బండి చక్రానికి ఉండేదే, ఇరుసు నుంచి అంచు దాకా వచ్చే పుల్ల. 360ని 24తో భాగిస్తే 15. అంటే ఆకుకీ ఆకుకీ మధ్య 15 డిగ్రీలు. చక్రాన్ని 15 డిగ్రీలు తిప్పితే మొదట ఎలా ఉందో సరిగ్గా అలాగే కనిపిస్తుంది.

ఇందులో ఒక లాభం ఉంది, ఒక ప్రమాదం ఉంది.

లాభమేమిటంటే, చక్రం ఒక్కటే వేస్తున్నట్టయితే పూర్తి చుట్టు తిప్పనక్కర్లేదు. 15 డిగ్రీలు తిప్పితే చాలు, లూప్ కుదిరిపోతుంది. ఫ్రేమ్‌కు 5 డిగ్రీల చొప్పున మూడంటే మూడు ఫ్రేములు. గాలిమరలు, సైకిల్ చక్రాలు వేసేవాళ్లు ఈ కిటుకు నిక్షేపంగా వాడుకోవచ్చు. నా రాట్నానికి మాత్రం అది పనికిరాలేదు. చక్రానికి తిప్పే పిడి ఉంది, ఆ పిడి మీద ఆవిడ కుడి చెయ్యి ఉంది. ఆకులు 24 ఉన్నా పిడి ఒక్కటే. అది తిరిగి తన చోటికి రావాలంటే పూర్తిగా 360 డిగ్రీలూ తిరగాల్సిందే. మీ బొమ్మలోనూ ఇలాంటిది ఏదైనా ఉందేమో ముందే వెతకండి. చక్రం మీద మరక, ఒక ఆకుకు కట్టిన గుడ్డపేలిక, ఒక పక్కన పడే నీడ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పూర్తి చుట్టు తప్పదు.

ప్రమాదం సంగతి నాకు దుకాణంలోనే తెలిసింది. ఖద్దరు పంచె కొనడానికి వచ్చిన ఒక తాత టీవీ వైపు కాసేపు చూసి, "ఏటి బాబూ, రాట్నం వెనక్కి తిప్పితే నూలొస్తాదా?" అన్నాడు. చూస్తే నిజమే. చెయ్యి ముందుకు తిప్పుతోంది, ఆకులు వెనక్కి వెళుతున్నాయి.

కారణం ఇది. చక్రం వేగం ఫ్రేమ్‌కు 5 డిగ్రీలు. 72 ఫ్రేములకు 360, లెక్క సరిపోయింది. కానీ పని తగ్గుతుందని మొదటిసారి బొమ్మంతా రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేశాను. చేత్తో వేసేవాళ్లందరూ చేసేదే. అప్పుడు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు చక్రం 10 డిగ్రీలు కదులుతుంది. ఆకుల మధ్య ఉన్నది 15. ఒక ఆకు 10 డిగ్రీలు ముందుకు పోయేసరికి, దాని వెనకున్న ఆకు, మొదటి ఆకు ఇంతకుముందున్న చోటికి 5 డిగ్రీల దూరంలోకి వచ్చి నిలబడుతుంది. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కన్ను దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. 10 డిగ్రీలు ముందుకు వెళ్లిందనుకోదు, 5 డిగ్రీలు వెనక్కి వచ్చిందనుకుంటుంది.

దీనికి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక బొమ్మ నుంచి తర్వాతి బొమ్మకు కదలిక, ఆకుల మధ్య దూరంలో సగానికి తక్కువే ఉండాలి. నా చక్రానికి అది 7.5 డిగ్రీలు. సరిగ్గా సగం అయితే చక్రం ఎటు తిరుగుతోందో తెలియక మిణుకుమిణుకుమంటుంది. సరిగ్గా 15 అయితే ఆగిపోయినట్టే ఉంటుంది. నేను చక్రాన్ని రెండేసి ఫ్రేముల నుంచి తప్పించి, ప్రతి ఫ్రేమ్‌కూ కదిలేలా చేశాను. 5 డిగ్రీలు కదా, ముందుకే కనిపించింది. ఇంకా వేగంగా తిరగాలంటే ఆకుల్ని తగ్గించి వేయొచ్చు. 12 ఆకులు వేస్తే 15 డిగ్రీల లోపు దాకా వెళ్లొచ్చు. నాకు మాత్రం మనసొప్పలేదు. వడికేవాళ్లు ఆ దుకాణానికి వస్తూపోతూ ఉంటారు, వాళ్ల రాట్నానికి ఆకులు సగం తీసేస్తే చూస్తారు.

బ్లెండర్‌లో చేయడం తేలిక. చక్రం బొమ్మను విడిగా ఒక ఆబ్జెక్ట్‌గా పెట్టుకుని, 1లో 0 డిగ్రీలకూ 145లో 720 డిగ్రీలకూ కీ వేయండి. 144లో కాదని ఇంకోసారి చెబుతున్నాను. తిరిగే వైపు మారాలంటే 720కి ముందు మైనస్ పెట్టండి. కీలు రెండూ ఎంచుకుని `T` నొక్కి `Linear` ఇవ్వండి. ఇది మర్చిపోతే బ్లెండర్ తనంతట తాను మొదట్లో నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో నెమ్మదిగా ఆపుతుంది. విడిగా చూస్తే అందంగానే ఉంటుంది కానీ లూప్‌లో చక్రం ఆరు సెకన్లకోసారి ఆగి బయల్దేరుతుంది.

చక్రం ప్రతి ఫ్రేమ్‌కూ కదులుతుంటే, పిడి పట్టుకున్న కుడి చెయ్యి కూడా ప్రతి ఫ్రేమ్‌కూ కదలాలి. లేకపోతే ఒక ఫ్రేమ్‌లో పిడి మీద, ఇంకో ఫ్రేమ్‌లో పిడికి పక్కన ఉంటూ చెయ్యి జారుతున్నట్టుంటుంది. ఆ చెయ్యిని ముక్కలుగా వేసి, అరచేతిని పిడికి కట్టేశాను. మోచెయ్యి దాని వెనక వంగుతూ వస్తుంది. ఎడమ చెయ్యి, చీర, ముఖం మాత్రం రెండేసి ఫ్రేములకు చేత్తో వేసినవే. కలిపి చూస్తే ఏమీ తేడా అనిపించదు.

## ఎడమ చెయ్యి: చోటు ఒకటే సరిపోదు

ఎడమ చేతిలో ఏకు ఉంటుంది. ఏకు అంటే వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది. కదురు దగ్గర మొదలై చెయ్యి మెల్లగా వెనక్కి, పైకి పోతుంటే నూలు సాగుతుంది. ఆ తర్వాత చెయ్యి కదురు వైపు దిగుతుంటే ఆ నూలు కదురుకు చుట్టుకుంటుంది. సాగదీయడానికి ఎక్కువసేపు, చుట్టడానికి తక్కువసేపు పడుతుంది. అందుకని 1 నుంచి 97 దాకా సాగదీత, 97 నుంచి 145 దాకా చుట్టడం అని పంచుకున్నాను. నాలుగు సెకన్లు, రెండు సెకన్లు.

1, 145లలో చెయ్యి ఒకే చోట ఉంది. అంత మాత్రాన సరిపోతుందా? సరిపోదు. 144 నుంచి 145కి చెయ్యి ఎంత కదిలిందో, 1 నుంచి 2కి దాదాపు అంతే, అదే దిక్కులో కదలాలి. చోటు కలిసి వేగం కలవకపోతే బొమ్మ ఎగరదు కానీ తడబడుతుంది. బస్సు డ్రైవరు క్లచ్ సరిగా వదలనప్పుడు మనం సీట్లో ముందుకు ఊగుతామే, అలాంటి తడబాటు.

దీన్ని తప్పించుకోవడానికి సులువైన దారి, అతుకును చెయ్యి సహజంగా ఆగే చోట పెట్టడం. కదురు దగ్గరికి వచ్చిన చెయ్యి దిశ మార్చుకోవాలి కాబట్టి ఒక క్షణం నెమ్మదిస్తుంది. అక్కడ వేగం ఇటూ సున్నా, అటూ సున్నా. కలపడానికేమీ లేదు. అందుకే నా ఒకటో ఫ్రేమ్ కదురు దగ్గర పెట్టాను. చెయ్యి మధ్యలో సాగుతున్న చోట పెట్టి ఉంటే 140 నుంచి 6 దాకా ప్రతి బొమ్మలోనూ దూరాలు కొలుచుకుని వేయాల్సి వచ్చేది.

అయితే అన్నీ ఒకే ఫ్రేమ్‌లో ఆగేలా మాత్రం పెట్టకండి. చెయ్యి ఆగేటప్పటికి చక్రం తిరుగుతూనే ఉంటుంది, తల ఊపు మధ్యలో ఉంటుంది. ఆ తల ఊపు లాంటి చిన్న కదలికలకు కీలు వేయడం కన్నా ఒక సూత్రం రాసేస్తే అతుకు గొడవే ఉండదు. బ్లెండర్‌లో తల తిరిగే విలువ దగ్గర ఇది టైప్ చేయండి:

```
#sin(2*pi*frame/72)*0.03
```

72 ఫ్రేములకు ఒక ఊపు. 1లో ఏ విలువ వస్తుందో 145లోనూ అదే వస్తుంది, వేగం కూడా అదే. 72 బదులు 144ను శేషం లేకుండా భాగించే ఏ సంఖ్యనైనా వేసుకోవచ్చు. 0.03 అనేది ఊపు ఎంతన్నది, రేడియన్లలో. రెండు డిగ్రీల లోపే వస్తుంది.

## పైట చెంగు: రెండో చుట్టును కోసి తీసుకోండి

నన్ను దుకాణంలో సిగ్గుపడేలా చేసింది ఈ పైట చెంగే. దీని మీద ఎక్కువసేపు పెట్టండి.

చెయ్యి దానంతట అది కదులుతుంది. పైట, జుట్టు, చెవి జూకా అలా కదలవు. అవి వేరేదాని వెనక ఆలస్యంగా వస్తాయి. చెయ్యి కిందికి దిగి ఆగిపోయాక కూడా భుజం మీది చెంగు ఇంకో పది పన్నెండు ఫ్రేముల దాకా ఊగి, అప్పుడు నిలబడుతుంది.

ఇప్పుడు ఒకటో ఫ్రేమ్ తెరిచి చూడండి. తెల్లకాగితం మీద మొదలుపెట్టినప్పుడు ఎవరైనా ఏం వేస్తారు? చెయ్యి కదురు దగ్గర, చెంగు నిటారుగా వేలాడుతూ. ఇంకా ఏమీ జరగలేదు కదా అన్న భావంతో వేస్తారు. నేనూ అలాగే వేశాను. కానీ లూప్‌లో ఒకటో ఫ్రేమ్‌కు ముందే అంతా జరిగింది. రెండు సెకన్ల పాటు చెయ్యి దిగింది. ఆ ఊపుకు 144లో చెంగు ఒక పక్కకు ఎగిరి ఉంది. ఒకటో ఫ్రేమ్‌లో అది నిటారుగా వేలాడుతుంటే చటుక్కున ఆగినట్టు కాక ఇంకెలా కనిపిస్తుంది?

చివరి పది ఫ్రేముల్లో చెంగును బలవంతంగా నిటారుకు తెస్తే కలుస్తుంది గదా అంటారేమో. కలుస్తుంది. కానీ చెయ్యి ఇంకా దిగుతుండగానే చెంగు ముందే ఆగిపోతుంది. బట్ట బరువు పోయి అట్టముక్కలా కనిపిస్తుంది. ఖద్దరు దుకాణంలో అది అసలు పనికిరాదు.

సరైన పద్ధతి ఇది. రెండు చుట్లు వేయండి. చెయ్యి కదలికను 1–144లో వేసినదాన్ని యథాతథంగా 145–288లో కాపీ చేయండి. తర్వాత చెంగును 1 నుంచి మొదలుపెట్టి వరుసగా 288 దాకా వేసుకుంటూ పోండి. 1లో నిటారుగానే మొదలుపెట్టండి, ఫరవాలేదు. 145కి వచ్చేసరికి మీ ముందు 144 బొమ్మ ఉంటుంది. చెంగు ఎగిరి ఉంటుంది. కాబట్టి 145 తనంతట తనే సరిగ్గా వస్తుంది: చెయ్యి కదురు దగ్గర ఆగింది, చెంగు ఇంకా ఊగుతోంది. అలా రెండో చుట్టు పూర్తిచేసి, మొదటి చుట్టు చెంగును పారేయండి. 145–288 బొమ్మలే మీ లూప్. వాటిని 1–144కి జరుపుకోండి.

మొత్తం రెండింతల పని అని భయపడకండి. రెండు చుట్లలోనూ తేడా ఉండేది మొదటి పదిహేను ఇరవై ఫ్రేముల్లోనే. 20 దాటాక పాత ఊపు చచ్చిపోతుంది, అక్కడి నుంచి మొదటి చుట్టు బొమ్మల్నే కాపీ చేసుకోవచ్చు. రెండేసి ఫ్రేముల లెక్కన నేను కొత్తగా వేసినవి పది బొమ్మలే. 20వ ఫ్రేమ్ దగ్గర కూడా రెండు చుట్లలో చెంగు ఒకే చోటికి రాకపోతే, ఊపు ఇంకా మిగిలి ఉందన్నమాట. ఇంకో నాలుగు బొమ్మలు ముందుకు వెళ్లండి.

బట్టను చేత్తో వేయకుండా సిమ్యులేషన్‌తో కదిలించేవాళ్లు కూడా ఇలాగే మొదటి చుట్టును వదిలేసి తర్వాతి చుట్టును వాడుకోవచ్చు. కాకపోతే సిమ్యులేషన్‌లో రెండు చుట్లు అచ్చంగా ఒకేలా రావు. అతుకు దగ్గర కొద్దిపాటి తేడా మిగులుతుంది. చేత్తో వేసినదానిలో ఆ బెడద ఉండదు.

## తరిగేవి, పెరిగేవి

నూలు వడుకుతుంటే ఏకు తరిగిపోతుంది, కదురు మీద నూలు పెరుగుతుంది. నిజం అంతే కదా అని మొదటిసారి అలాగే వేశాను. చేతిలో ఏకు నాలుగు వేళ్ల పొడవుతో మొదలై రెండు వేళ్లకు తగ్గేది. నూలు తెచ్చి ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ అది చూసి, "తరిగిపోయిన ఏకు మళ్లీ అంతైపోయింది, ఎలగ?" అని అడిగింది. అతుకు దగ్గర రెండు వేళ్ల ఏకు నాలుగు వేళ్లయిపోతోంది మరి.

మొదలుపెట్టే ముందు మీ బొమ్మలో ఇలాంటివి ఏమున్నాయో కాగితం మీద రాసుకోండి. కాలుతున్న కొవ్వొత్తి, నిండుతున్న బిందె, నడిచి వెళ్లిపోయే మనిషి, ఇవన్నీ వెనక్కి రాని కదలికలు. వీటికి నాకు తెలిసినవి రెండు దారులు. ఒకటి, మార్పును పూర్తిగా తీసేయడం. ఆరు సెకన్లలో నిజంగా కదురు మీద పెరిగే నూలు కంటికి కనిపించేంత ఉండదు. కాబట్టి దాన్ని మార్చకుండా ఉంచడమే నిజానికి దగ్గర. రెండు, మారేదాన్ని మరుగు చేయడం. ఏకును పిడికిట్లో ఉంచేసి, వేళ్ల మధ్య నుంచి కొస మాత్రమే కనిపించేలా వేశాను. ఆ కొస ఎప్పుడూ అంతే ఉంటుంది. చేతికీ కదురుకూ మధ్యనున్న నూలు మాత్రం 97 దాకా పొడవై, 145కి మళ్లీ పొట్టిదవుతుంది. అది తనంతట తానే చుట్టు తిరిగే కదలిక, దానికేమీ చేయనక్కర్లేదు.

కిటికీ ఎండలో తేలే దూది పింజలు తొమ్మిది పెట్టాను. అవి కూడా వెనక్కి రానివే, పైకి పోతూనే ఉంటాయి. ఒక్కొక్క పింజ బతుకు 144 ఫ్రేములు: ఏమీ లేకుండా మొదలై, మెల్లగా కనిపించి, తేలి, మెల్లగా మాయమవుతుంది. తొమ్మిదీ 16 ఫ్రేముల తేడాతో ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. అందువల్ల ఒకటో ఫ్రేమ్‌లో కొన్ని సగం దారిలో ఉంటాయి. అన్నీ ఒకటో ఫ్రేమ్‌లోనే పుడితే గది ఆరు సెకన్లకోసారి ఖాళీ అవుతుంది.

## అతుకును పరీక్షించడం

ప్లే నొక్కి మొదటి నుంచి చూస్తే మన కన్ను అతుకును క్షమించేస్తుంది. ఎక్కడుందో తెలుసు కదా, అక్కడికి రాగానే రెప్ప వేస్తాం. అందుకే అతుకును మధ్యకు తెచ్చి చూడాలి. బొమ్మలన్నిటినీ 72 ఫ్రేములు పక్కకు జరపండి: 73–144 ముందు, 1–72 వెనక. ఇప్పుడు అతుకు టైమ్‌లైన్ నట్టనడుమ ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఇరవై ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా ముందుకీ వెనక్కీ నడపండి.

ఏ తప్పు ఎలా కనిపిస్తుందో తెలిస్తే వెతకడం సులువు. బొమ్మ మొత్తం ఒక్కసారి నిలిచిపోయినట్టుంటే ఒకే ఫ్రేమ్ రెండుసార్లు వచ్చిందని అర్థం. 145ను కూడా రెండర్ చేసి ఉంటారు, లేదా కీలు 144లో పడి ఉంటాయి. ఒక్క వస్తువే ఎగిరితే దాని చుట్టు 144లో సరిగ్గా ఇమడలేదు. ఎగరకుండా తడబడితే చోటు కలిసింది, వేగం కలవలేదు. చక్రం లాంటిది ఏదైనా మెల్లగా ఆగి బయల్దేరుతుంటే `Linear` ఇవ్వడం మర్చిపోయారు.

ఇక ఫైల్. టీవీకి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే ఇంకో చిక్కు ఉంది. రిపీట్ పెట్టినా, ఫైల్ అయిపోయి మళ్లీ మొదలయ్యేటప్పుడు చాలా టీవీలు ఒక క్షణం నల్లగా అవుతాయి. బొమ్మలో తప్పేమీ లేకపోయినా అక్కడ అతుకు కనిపిస్తుంది. అందుకని ఆరు సెకన్ల ఫైల్‌ను వందసార్లు వరుసగా అతికించి పది నిమిషాల ఫైల్‌గా చేసి ఇవ్వండి. ffmpeg అనే ప్రోగ్రామ్‌తో టెర్మినల్‌లో ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -stream_loop 99 -i ratnam.mp4 -c copy ratnam_10min.mp4
```

99 అంటే మొదటిసారి ఆడాక ఇంకో 99 సార్లని. మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు, క్షణాల్లో అయిపోతుంది.

అదే జిఫ్‌గా ఇవ్వాల్సి వస్తే సెకనుకు 24 ఫ్రేముల లెక్క మర్చిపోండి. జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్ ఎంతసేపు ఉండాలో సెకనులో నూరో వంతుల్లోనే చెప్పాలి. 24కు అది 4.17 వస్తుంది, జిఫ్ దాన్ని తీసుకోదు. కొన్ని ఫ్రేములకు 4, కొన్నిటికి 5 పడి చక్రం నిలకడ తప్పుతుంది. అవే 144 ఫ్రేముల్ని సెకనుకు 25 చొప్పున పెడితే ఒక్కోదానికి సరిగ్గా 4 వస్తుంది. లూప్ 5.76 సెకన్లవుతుంది, అంత చిన్న తేడాను ఎవరూ పట్టుకోలేరు.

కొత్త ఫైల్ పట్టుకెళ్లి టీవీకి తగిలించాక అదే బెంచీ మీద అరగంట కూర్చున్నాను. పైట చెంగు మీదే కళ్లు పెట్టి చూశాను. ఒకటో ఫ్రేమ్ ఎప్పుడొచ్చి వెళుతోందో నాకే తెలియలేదు.